నీళ్లు బయటికి పోని వాషింగ్ మెషీన్‌కు రెండు నిమిషాల వీడియో: మూడు రకాల స్క్రిప్టులలో ఏది ఎంచుకోవాలి?

ఉతకడం పూర్తయిందనుకుని వచ్చి చూస్తే తలుపు తెరుచుకోదు, అద్దం వెనుక బట్టలు నీళ్లలో తేలుతూ ఉంటాయి, ముందుభాగంలోని తెరమీద ఏదో రెండు మూడు అక్షరాల కోడ్ వెలుగుతూ ఉంటుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్లు అమ్మే ఏ సంస్థ కస్టమర్ సపోర్టు విభాగానికైనా తరచుగా వచ్చే ఫిర్యాదులలో ఇది ఒకటి. చాలా సందర్భాలలో వినియోగదారు స్వయంగా సరిచేసుకోగలిగిన ఇబ్బంది కూడా ఇదే. దీనికి రెండు నిమిషాలలోపు వీడియో తయారు చేయవలసి వచ్చినప్పుడు స్క్రిప్టు రాసేవారి ముందు ప్రధానంగా మూడు దారులు ఉంటాయి. ఒకే కారణాన్ని పట్టుకుని నేరుగా పరిష్కారంలోకి వెళ్లడం మొదటిది. లక్షణాలను అడిగి, ఒక్కో లక్షణానికి ఒక్కో దారి చూపడం రెండవది. మాటలు లేకుండా చేతులు చేసే పనిని, తెరమీది అక్షరాలను మాత్రమే చూపడం మూడవది. ఈ మూడింటినీ ఇదే ఫిర్యాదుకు అన్వయించి, ఏది ఎక్కడ పనికివస్తుందో, ఏది ఎక్కడ చెడుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఎంపికకు ముందు తేల్చుకోవలసినది

స్క్రిప్టు రకాన్ని రచయిత అభిరుచిని బట్టి కాక, వచ్చిన కాల్స్‌ను బట్టి ఎంచుకోవాలి. ఈ ఫిర్యాదు మీద వచ్చిన చివరి 50 కాల్స్ నమోదులను ముందు పెట్టుకుని, ప్రతి దానిలోనూ చివరికి సమస్య దేనితో తీరిందో ఒక్క మాటలో రాసుకోండి. నీళ్లను బయటికి తోసే పంపు ముందున్న ఫిల్టరు శుభ్రం చేస్తే తీరిందా, వెనుక పైపు మడత విప్పితే తీరిందా, పంపు మార్చవలసి వచ్చిందా అన్నదే చూడాలి తప్ప, ఫోన్ చేసిన వ్యక్తి మొదట ఏమనుకున్నారన్నది ఇక్కడ పనికిరాదు. ఉదాహరణకు 50లో 36 ఫిల్టరుతోనూ, 6 పైపుతోనూ, 8 మెకానిక్ రాకతోనూ ముగిశాయనుకుందాం. ఈ లెక్క వచ్చినప్పుడు నేను రెండో ఆలోచన లేకుండా మొదటి రకం వైపు మొగ్గుతాను. అదే 50లో 20 ఫిల్టరు, 17 పైపు, 13 పంపు అని వస్తే, ఒక కారణాన్నే పట్టుకున్న వీడియో చూసేవారిలో సగం కంటే ఎక్కువ మందికి పని కల్పించి ఫలితం ఇవ్వకుండా పంపుతుంది. అప్పుడు రెండవ రకం గురించి ఆలోచించక తప్పదు.

అంకెలతో పాటు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. మనం చెప్పే పరిష్కారం ఒకవేళ అసలు కారణానికి సంబంధించినది కాకపోతే, దాన్ని చేసినందువల్ల వినియోగదారుకు నష్టం ఉందా? ఫిల్టరు శుభ్రం చేయడంలో ఆ నష్టం చాలా తక్కువ. పంపు చెడిపోయిన మెషీన్‌లోనైనా డ్రమ్ములోని నీళ్లు ఖాళీ చేయవలసిందే, ఫిల్టరు తీసి చూడవలసిందే. మెకానిక్ వచ్చినా మొదట చేసేది అదే పని. కారణం తప్పినా వృథా కాని పరిష్కారం ఉన్నచోట నేరుగా చెప్పే స్క్రిప్టుకు ధైర్యంగా పోవచ్చు.

మొదటి రకం: నేరుగా పరిష్కారం

ఈ పద్ధతిలో మొదటి వాక్యం ఫిర్యాదును వినియోగదారు మాటల్లోనే చెబుతుంది, రెండవ వాక్యం కారణం చెబుతుంది, మూడవ వాక్యం నుంచి చేతులు పనిలో ఉంటాయి. పలకరింపు, సంస్థ పరిచయం, తిరుగుతూ వచ్చే లోగో వంటివి ఏవీ ఉండవు. నీళ్లు నిలిచిన మెషీన్ ముందు నిలబడి ఫోన్ పట్టుకున్న మనిషి తాను చూస్తున్నది తన సమస్య గురించేనా అన్నది మొదటి ఎనిమిది, పది సెకన్లలో నిర్ధారించుకోవాలనుకుంటాడు. అందుకే ఆ సెకన్లలో అద్దం వెనుక నిలిచిన నీళ్లూ, తెరమీది కోడూ కనిపించాలి.

కోడ్ విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. నీళ్లు పోని లోపానికి ఎల్‌జీ మెషీన్లు `OE` అనీ, బాష్ మెషీన్లు చాలావరకు `E18` అనీ, శామ్‌సంగ్ మెషీన్లు `5C` లేదా `5E` అనీ చూపుతాయి. ఏడు గీతల అంకెలు వెలిగే తెరమీద 5కూ Sకూ తేడా తెలియదు కాబట్టి, `5E` చూసినవారిలో చాలామంది `SE` అని టైప్ చేసి వెతుకుతారు. వీడియో పేరులో సరైన కోడ్ ఒక్కటే పెడితే వారికి అది దొరకదు. కళ్లకు కనిపించే రూపం కూడా పేరులోనో, వివరణలోనో ఉండాలి. అలాగే పేరులో ‘ఫ్రంట్ లోడ్’ అన్న మాట తప్పనిసరి, ఎందుకంటే పైనుంచి బట్టలు వేసే మెషీన్లలో ముందువైపు కింద ఇలాంటి ఫిల్టరు సాధారణంగా ఉండదు, లేని మూత కోసం వెతికి విసిగినవారు తిరిగి ఫోన్ చేస్తారు.

నేరుగా చెప్పే స్క్రిప్టు ఎక్కడ చెడుతుందో నాకు అనుభవంలో తెలిసింది. ఒక సంస్థకు నేను రాసిన మొదటి వీడియో స్క్రిప్టు నిమిషం పది సెకన్లలో ముగిసింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. అంత పొట్టిగా రావడానికి కారణం ఏమిటంటే, ఫిల్టరు తీయడానికి ముందు పక్కనున్న సన్నని గొట్టం ద్వారా నీళ్లు ఖాళీ చేయాలన్న మెట్టును నేను ‘వివరాలకు మాన్యువల్ చూడండి’ అన్న ఒక్క వాక్యంలోకి నెట్టేశాను. చిత్రీకరణకు వాడిన మెషీన్ ఖాళీగా ఉండటం వల్ల తెరమీద ఫిల్టరు చుక్క నీరు కారకుండా చక్కగా బయటికి వచ్చింది. వీడియో చూసినవారి ఇళ్లలో మాత్రం నిండిన డ్రమ్ములోని నీళ్లన్నీ ఒక్కసారిగా నేలమీదికి వచ్చాయి. ఆ వారం వచ్చిన ఫోన్లు నీళ్లు పోవడం లేదని కాదు, నీళ్లు ఇల్లంతా పోయాయని! అప్పటి నుంచి ఖాళీ మెషీన్‌తో చిత్రీకరణకు నేను ఒప్పుకోను. డ్రమ్ములో తలుపు అంచు దాకా నీళ్లు నింపి, నిజంగా అడ్డుపడిన ఫిల్టరుతోనే తీయాలి.

కాబట్టి నేరుగా చెప్పే స్క్రిప్టును కుదించేటప్పుడు పరిచయాన్ని తీసేయవచ్చు, కారణాల వివరణను తీసేయవచ్చు, ముగింపు పలుకులను తీసేయవచ్చు. తీసేయకూడనివి నాలుగే ఉన్నాయి: ప్లగ్ తీయమనడం, వేడినీళ్లు చల్లారే దాకా ఆగమనడం, ఫిల్టరుకు ముందు నీళ్లు ఖాళీ చేయమనడం, ఫిల్టరును తిరిగి పూర్తిగా బిగించమనడం. ఈ నాలుగింటిలో దేన్ని వదిలినా వీడియో చూడని మనిషి కంటే చూసిన మనిషే ఎక్కువ నష్టపోతాడు.

రెండవ రకం: లక్షణాన్ని బట్టి దారి

కాల్స్ నమోదులలో కారణాలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ఈ రకం ముందుకు వస్తుంది. నీళ్లు పోని మెషీన్ విషయంలో కారణాలను విడదీయడానికి మంచి గుర్తు చప్పుడు. డ్రెయిన్ ప్రోగ్రామ్ నడిపినప్పుడు కింది భాగం నుంచి గుయ్యిమనే మోత వస్తూ నీళ్లు కదలకపోతే, పంపు తిరగడానికి ప్రయత్నిస్తోందనీ, ఫిల్టరులోనో పైపులోనో అడ్డు ఉందనీ అర్థం. నీళ్లు పోతున్నా చాలా నెమ్మదిగా పోతుంటే పైపు మడతనో, సగం అడ్డునో అనుమానించాలి. మోతే లేకపోతే పంపుకో దానికి వెళ్లే తీగకో లోపం ఉండవచ్చు, అది వినియోగదారు చేతిలోని పని కాదు.

కాగితం మీద ఇది ఎంతో హేతుబద్ధంగా కనిపిస్తుంది, కాని రెండు నిమిషాలలో ఇరుకున పడేది కూడా ఇదే. ప్రశ్న అడగడానికి పది సెకన్లు పోతాయి. చప్పుడు ఎలా ఉంటుందో వినిపించడానికి మరో పది పోతాయి. మిగిలిన సమయాన్ని మూడు దారులకు పంచితే ఒక్కోదానికి అర నిమిషం దక్కుతుంది, అందులో ఫిల్టరు దారి ఒక్కటే నిమిషానికి పైగా కోరుతుంది. పైగా చూసేవారు వీడియో ఆపి, మెషీన్ దగ్గరికి వెళ్లి, ప్రోగ్రామ్ నడిపి, చెవి పెట్టి విని తిరిగి రావాలి. మోత ఉందా లేదా అన్న విషయంలో అనుభవం లేని చెవి తేలికగా పొరబడుతుంది. తలుపు తాళం పడే టిక్కు శబ్దాన్నే పంపు మోత అనుకుని ఫిల్టరు తీసినవారు ఉన్నారు.

అయినా ఈ రకాన్నే ఎంచుకోవలసి వస్తే, ఒకే వీడియోలో దారులను వరుసగా పెట్టి, చూసేవారు తమకు కావలసిన చోటికి దూకేలా వివరణలో సమయాలు రాయడం మేలు. యూట్యూబ్‌లో ఇలాంటి విభాగాలు కనిపించాలంటే మొదటి సమయం `0:00` కావాలి, కనీసం మూడు విభాగాలు ఉండాలి, ఏ విభాగమూ 10 సెకన్ల కంటే తక్కువ ఉండకూడదు. ఈ ఫిర్యాదుకు అవి ఇలా ఉంటాయి:

```
0:00 ముందుగా: ప్లగ్, వేడినీళ్లు, చప్పుడు
0:25 మోత వస్తోంది, నీళ్లు కదలడం లేదు
1:20 నీళ్లు చాలా నెమ్మదిగా పోతున్నాయి
1:40 మోత అసలు లేదు
```

జాగ్రత్తలన్నీ మొదటి విభాగంలోనే పెట్టడంలో ఒక చిక్కు ఉందని గమనించండి. నేరుగా `0:25`కు దూకినవారు ప్లగ్ తీయమన్న మాట వినరు. అందువల్ల ప్రతి దారి మొదట్లోనూ ఆ మాటను తిరిగి చెప్పాలి, అలా చెబితే ఉన్న కొద్ది సెకన్లూ మరింత తరుగుతాయి. నిజం చెప్పాలంటే, కారణాలు అంతగా చెదిరి ఉన్నప్పుడు ఒక్క వీడియోను మూడు దారులుగా చీల్చడం కంటే మూడు పొట్టి వీడియోలు తీసి, ఏది చూడాలో చెప్పే ప్రశ్నను సహాయ పేజీలో రాతపూర్వకంగా అడగడమే నాకు మెరుగనిపిస్తుంది. చదివి ఎంచుకోవడానికి పట్టే సమయం, విని ఎంచుకోవడానికి పట్టే సమయం కంటే తక్కువ.

మూడవ రకం: మాటలు లేని చిత్రం

ఒకే చిత్రీకరణను అనేక భాషలలో వాడుకోవలసిన సంస్థలకు ఇది ఆకర్షణీయంగా ఉంటుంది, ఎందుకంటే అక్షరాలు మార్చితే చాలు, గొంతు మళ్లీ రికార్డు చేయనక్కరలేదు. ఫోన్‌లో చప్పుడు ఆపి చూసేవారికీ, వినికిడి తక్కువగా ఉన్నవారికీ కూడా ఇది అనుకూలం. కాని ఈ ఫిర్యాదులో వినియోగదారు నేలమీద వంగి, రెండు చేతులూ గిన్నె మీదా గొట్టం మీదా పెట్టుకుని ఉంటాడు. ఫోన్ పక్కన ఎక్కడో ఆనించి ఉంటుంది. ఆ క్షణంలో అతనికి పనికివచ్చేది చెవిన పడే మాటే గాని తెరమీది వాక్యం కాదు. పైగా ‘మెల్లగా తిప్పండి’, ‘నీళ్లు ఆగే దాకా ఉండండి’ వంటివి చిత్రం ఒక్కటే చెప్పలేదు. చిత్రంలో మెల్లగా తిప్పిన చెయ్యి వీడియోను కుదించినప్పుడు వేగంగానే కనిపిస్తుంది.

బొమ్మ ఒక్కటే చాలే ఫిర్యాదులకు, అంటే డిటర్జెంటు పెట్టెను తీసి కడగడం వంటి ఒకే చేతి పనులకు, మూడవ రకం బాగా సరిపోతుంది. ఇక్కడ దాన్ని సొంతంగా నిలబెట్టడం కంటే, మొదటి రకానికి తోడుగా ప్రతి మెట్టుకూ నాలుగైదు మాటల శీర్షిక తెరమీద ఉంచడం మంచిది. ఆ శీర్షికను నెమ్మదిగా రెండుసార్లు చదువుకోగలిగినంత సేపు కదలకుండా నిలపాలి.

ఎంచుకున్న స్క్రిప్టు, పూర్తిగా

పైన ఊహించుకున్న లెక్కకు, అంటే 50లో 36 ఫిల్టరుతో తీరిన సందర్భానికి, నేను రాసే స్క్రిప్టు కింద ఇస్తున్నాను. రెండవ రకం నుంచి ఒకే ఒక్క మెట్టును అరువు తెచ్చుకున్నాను. అది పైపు మడత చూడటం. పరికరాలు అక్కరలేని, నీళ్లు కారని పని అది, దానితో తీరే ఇబ్బంది అయితే మిగిలినదంతా చేయనక్కరలేదు.

*0:00, నీళ్లు నిలిచిన డ్రమ్ము, తెరమీద కోడ్.* ఉతకడం అయిపోయినా డ్రమ్ములో నీళ్లు అలాగే నిలిచిపోయాయా? చాలావరకు దీనికి కారణం పంపు ముందున్న ఫిల్టరులో చెత్త అడ్డుపడటమే. దాన్ని మీరే శుభ్రం చేసుకోవచ్చు.

*0:11, చెయ్యి ప్లగ్ తీయడం.* ముందు మెషీన్ ఆపి, ప్లగ్ తీసేయండి. వేడినీళ్లతో ఉతికి ఉంటే నీళ్లు చల్లారే దాకా ఆగండి. తలుపును బలవంతంగా లాగకండి.

*0:22, మెషీన్ వెనుక భాగం.* వెనుక నీళ్లు బయటికి పోయే పైపు ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. మడత ఉంటే విప్పి, ప్లగ్ పెట్టి, డ్రెయిన్ ప్రోగ్రామ్ నడిపి చూడండి.

*0:34, ముందు కింది భాగం, దగ్గరగా.* మడత లేకపోతే, లేదా విప్పినా నీళ్లు పోకపోతే, ప్లగ్ తీసి ఉంచి ముందువైపు కింద ఉన్న చిన్న మూత తెరవండి. నేలమీద తువ్వాలు పరిచి, లోతు తక్కువ గిన్నె పెట్టండి.

*0:45, సన్నని గొట్టం.* పక్కనున్న సన్నని గొట్టం బయటికి లాగి, చివరి బిరడా తీయండి. గిన్నె నిండితే బిరడా పెట్టి, పారబోసి, మళ్లీ తీయండి. ఇక్కడ అయిదు సెకన్లే చూపించాం, మీకు పావుగంట పట్టవచ్చు.

*1:03, ఫిల్టరు మీద బాణం గుర్తు.* నీళ్లు ఆగిపోయాక ఫిల్టరును గడియారం ముళ్లకు ఎదురు దిశలో మెల్లగా తిప్పి తీయండి. చిక్కుకున్నవి తీసేసి, కుళాయి కింద కడగండి.

*1:17, గుంతలోకి టార్చ్ వెలుగు.* ఫిల్టరు తీసిన గుంతలో చిన్న చక్రం కనిపిస్తుంది. దాన్ని పెన్సిల్‌తో తిప్పండి. అది ఆగి ఆగి తిరుగుతుంది, అది లోపం కాదు.

*1:29, బిగించడం.* ఫిల్టరును తిరిగి పెట్టి, ఇక తిరగనంత వరకు బిగించండి. గొట్టానికి బిరడా పెట్టండి. ప్లగ్ పెట్టి డ్రెయిన్ ప్రోగ్రామ్ నడుపుతూ, ఫిల్టరు దగ్గర చుక్క కారడం లేదని చూసుకోండి.

*1:46, తలుపు అంచున ఉన్న స్టిక్కరు.* అప్పటికీ నీళ్లు పోకపోతే పంపును మెకానిక్ చూడాలి. తలుపు అంచున ఉన్న స్టిక్కరు ఫోటో తీసి మాకు పంపండి.

ఇందులో పలకవలసిన మాటలు 150కి కాస్త అటూఇటూగా ఉంటాయి. సూచనలు ఇచ్చే వీడియోలో తెలుగును నిమిషానికి సుమారు 100 మాటల వేగంతో చదివితే చెవికి సుఖంగా ఉంటుందని నా అనుభవం. ఆ లెక్కన మాటలకు ఒకటిన్నర నిమిషం పైచిలుకు పడుతుంది, మిగిలిన సెకన్లు చేతులు పని చేస్తున్నప్పుడు మౌనంగా ఉండటానికి సరిపోతాయి. ఇంగ్లీషు స్క్రిప్టు రాయించి దాన్ని తెలుగులోకి మార్పించేవారు మాటల లెక్కను అలాగే ఉంచుకుని పొరబడుతుంటారు. తెలుగు మాట ప్రత్యయాలను తనలో కలుపుకుని పొడవుగా ఉంటుంది కాబట్టి, అవే 150 మాటలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది. గొంతు రికార్డు చేసే మనిషి చివరి అర నిమిషాన్ని పరుగెత్తించక తప్పదు, ఫిల్టరును పూర్తిగా బిగించమన్న జాగ్రత్త ఉండేది సరిగ్గా ఆ చివరి అర నిమిషంలోనే. మాటలు లెక్కించడం కంటే గడియారం పెట్టుకుని గట్టిగా చదవడమే నమ్మదగిన కొలత.

కొన్ని మాటల ఎంపిక వెనుక కారణాలు చెప్పాలి. ఫిల్టరును ‘ఎడమవైపు తిప్పండి’ అని రాయడం సులువే, కాని గుండ్రని పిడి పైభాగం ఎడమకు పోతుంటే కింది భాగం కుడికి పోతుంది, నేలమీద వంగి చూసే మనిషి కింది భాగాన్నే చూస్తాడు. అందుకే గడియారం ముళ్ల పోలిక చెప్పి, తెరమీద వంకర బాణం గీయాలి. పెన్సిల్‌తో తిప్పే చక్రం గురించిన వాక్యం లేకుండా తీసిన వీడియోకు, ఫిల్టరు శుభ్రం చేసినవారి నుంచి ‘లోపల చక్రం పట్టేస్తోంది, పంపు పాడైంది’ అన్న ఫోన్లు వస్తాయి. ఆ పంపు మోటారులో శాశ్వత అయస్కాంతం ఉండటం వల్ల చక్రం మెట్లు మెట్లుగా తిరుగుతుంది, అది ఆరోగ్యకరమైన పంపు లక్షణమే. రెండు వైపులా ఎటూ కదలకపోతే దారమో, హెయిర్‌పిన్నో చుట్టుకుని ఉంటుంది. ‘పావుగంట పట్టవచ్చు’ అన్న మాట కూడా అలంకారం కాదు. తెరమీద అయిదు సెకన్లలో ఖాళీ అయిన డ్రమ్మును చూసినవారు తమ ఇంట్లో పది గిన్నెలు పారబోశాక కూడా నీళ్లు వస్తుంటే ఏదో తప్పు చేశామనుకుని మధ్యలో ఆపేస్తారు.

సరైనదే ఎంచుకున్నామని ఎలా తెలుస్తుంది

వీడియో బయటికి వెళ్లాక, ఏ సెకనులో ఎంతమంది చూస్తున్నారో చూపే గీతను గమనించాలి. గీత ఒకచోట పైకి లేస్తే, జనం అక్కడికి వెనక్కి వచ్చి మళ్లీ చూస్తున్నారని అర్థం. ఈ వీడియోలో ఆ లేవడం సాధారణంగా మూత తెరిచే చోటా, ఫిల్టరు తిప్పే చోటా ఉంటుంది. కొద్దిగా లేస్తే సహజమే, ఎందుకంటే చేతులతో చేస్తూ చూసేవారు వెనక్కి తిప్పుకుంటారు. బాగా ఎత్తుగా లేస్తే ఆ దృశ్యం చీకటిగానో, మరీ పొట్టిగానో ఉందని అర్థం, అక్కడ రెండు సెకన్లు పెంచి తిరిగి తీయాలి. 0:34 దగ్గర గీత ఒక్కసారిగా పడిపోవడం మాత్రం రెండు రకాలుగా అర్థమవుతుంది. పైపు మడత విప్పి పని ముగించుకున్నవారు వెళ్లిపోయి ఉండవచ్చు, తమ మెషీన్‌కు అలాంటి మూత లేదని తెలిసి వెళ్లిపోయినవారూ ఉండవచ్చు. గీత ఒక్కదాన్ని చూసి ఈ తేడా చెప్పలేం. దాన్ని తేల్చేది ఫోన్ల నమోదే. ‘వీడియో చూశారా’ అని అడిగి, చూశామన్నవారి తర్వాతి వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టమని సపోర్టు సిబ్బందికి చెప్పాలి. ‘మూత కనిపించలేదు’, ‘గొట్టం లేదు’, ‘చప్పుడు అసలు రావడం లేదు’ అన్న మూడు వాక్యాలకు కావలసిన మార్పులు వేర్వేరు. మొదటిదానికి దృశ్యం మార్చాలి, రెండవదానికి మరో వీడియో కావాలి, మూడవది పెరుగుతోందంటే రెండవ రకం స్క్రిప్టును మళ్లీ పరిశీలించాలి.

గొట్టం లేని మెషీన్ల సంగతి విడిగా చూడవలసినదే. కొన్ని మోడళ్లలో ఆ సన్నని గొట్టం ఉండదు, వాటిలో ఫిల్టరును ఒక్కసారి పావు వంతు మాత్రమే వదులు చేసి, కారిన నీళ్లను పళ్లెంలో పట్టి, తిరిగి బిగించి, పళ్లెం పారబోసి, మళ్లీ వదులు చేస్తూ డ్రమ్మును ఖాళీ చేయాలి. మరికొన్ని మోడళ్లలో వినియోగదారు తీయగలిగే ఫిల్టరే ఉండదు. ఈ రెండింటినీ ‘మీ మోడల్‌ను బట్టి మారవచ్చు’ అన్న వాక్యంతో పై స్క్రిప్టులో ఇరికించడానికి ప్రయత్నించకండి, ఎందుకంటే తన మోడల్ ఏ కోవలోనిదో ఆ వాక్యం విన్న మనిషికి తెలియదు. గొట్టం లేని మోడళ్లకు 0:45 నుంచి 1:17 వరకు ఉన్న భాగాన్నీ, 1:29 దగ్గరి బిరడా వాక్యాన్నీ మాత్రం మార్చి రెండవ వీడియో తీసి, రెండింటి పేర్లలోనూ మోడల్ సంఖ్యలు రాస్తే సరిపోతుంది. ఫిల్టరు లేని మోడళ్లకు వీడియోనే అక్కరలేదు. ఆ సంఖ్యలు టైప్ చేసినవారికి పైపు మడత చూడమనీ, లేకపోతే మెకానిక్‌ను పిలవమనీ సహాయ పేజీలో రెండు వాక్యాలు ఉంటే చాలు.